ఫోల్డర్‌లో 53 ఫైళ్లు, తరగతిలో 48 మంది

అసైన్‌మెంటు గడువు ముగిసిన రాత్రి ఫోల్డర్ తెరిచి చూస్తే కింద 53 అని కనిపించింది. తరగతిలో ఉన్నది 48 మంది. అందరూ ఇచ్చేశారు, కొందరు రెండోసారి కూడా ఇచ్చారు అనుకుని కంప్యూటర్ మూసి పడుకున్నాను. పొద్దున దిద్దడానికి కూర్చుని లెక్క చూసుకుంటే ముగ్గురివి లేవు. ఫైళ్లు ఎక్కువ వచ్చాయి కదా అని, మనుషులు తక్కువ వచ్చిన సంగతి నేను చూడనే లేదు. లెక్కలు చెప్పే టీచర్నై ఉండి!

అప్‌లోడ్ మాత్రమే చేయగల లింకు గురించి నేను చెప్పదలచుకున్నది ఈ తప్పు చుట్టూనే తిరుగుతుంది. ఆ లింకు మంచిదే, మూడేళ్లుగా అదే వాడుతున్నాను. కానీ అది ఒక్క పనే చేస్తుంది. ఒకరి పని ఇంకొకరి కంట పడకుండా అందరి పనినీ ఒక చోట చేరుస్తుంది. ఎవరు ఇచ్చారో అది కచ్చితంగా చెప్పదు. ఎవరు ఇవ్వలేదో అసలే చెప్పదు. ఆ రెండూ టీచరు చేయాల్సిన పనులు. లింకు పంపితే అవి కూడా అయిపోయాయని అనుకోవడం దగ్గరే తేడా వస్తుంది.

మొదట్లో నేనూ అందరిలాగే మెయిల్‌కి పంపమన్నాను. నలభై ఎనిమిది మెయిళ్లు, వాటిలో సగానికి విషయం గడి ఖాళీ, అటాచ్‌మెంటు పేరు IMG_4127.jpg. ఏది ఎవరిదో తెలియాలంటే మెయిల్ అడ్రసు చూడాలి, అది చూస్తే వాళ్ల అన్నయ్యదో నాన్నగారిదో అయి ఉంటుంది. ఆ తర్వాత తరగతి గ్రూపులో పెట్టమన్నాను. మొదటివాడు పెట్టిన జవాబులు పది నిమిషాల్లో మిగతావాళ్ల నోటుపుస్తకాల్లోకి దిగిపోయాయి. మూడో ప్రయత్నం, అందరూ తెరవగలిగే ఫోల్డర్. అది మరీ ఘోరం. అక్కడ ఎవరి ఫైలునైనా ఎవరైనా తెరవొచ్చు, జరపొచ్చు, తీసేయొచ్చు. ఒకమ్మాయి ఫోనులో జాగా చాలడం లేదని, అక్కడ కనిపించిన ఫైళ్లు తన ఫోనులోవే అనుకుని పదకొండు తొలగించేసింది. పాపం, దురుద్దేశమేమీ లేదు. చెత్తబుట్టలోంచి అన్నీ తిరిగి తీసుకున్నాం గానీ, ఆ సాయంత్రం నా తల ప్రాణం తోకకొచ్చింది.

అప్‌లోడ్ లింకు అంటే డిబ్బీ లాంటిది. వేయడమే గానీ తీయడం ఉండదు, లోపల ఏముందో వేసేవాడికి కనిపించదు. ఈ ఆలోచన క్లౌడు సర్వీసులతో పుట్టిందేమీ కాదు. మాక్ కంప్యూటర్లలో Public అనే ఫోల్డర్ లోపల Drop Box అని ఇంకో ఫోల్డర్ ఉంటుంది. దాని అనుమతులు చూస్తే ఇతరులకు రాసే హక్కు ఉంటుంది, చదివే హక్కు ఉండదు. రాయడాన్నీ చదవడాన్నీ రెండు వేర్వేరు హక్కులుగా చూడటం యూనిక్స్ కాలం నుంచీ ఉన్న పద్ధతే. ఇప్పుడు డ్రాప్‌బాక్స్‌లో దీన్ని ఫైల్ రిక్వెస్ట్ అంటారు. బడి లేదా ఆఫీసు ఖాతాతో వచ్చే వన్‌డ్రైవ్‌లో రిక్వెస్ట్ ఫైల్స్ అని ఉంటుంది, అదీ అడ్మిన్ అనుమతిస్తేనే. సొంత సర్వర్ మీద నెక్స్ట్‌క్లౌడ్ నడిపేవాళ్లకి ఫైల్ డ్రాప్ ఉంది. గూగుల్ డ్రైవ్ ఫోల్డర్‌ని మామూలుగా షేర్ చేసేటప్పుడు ఇలాంటి హక్కు ఇవ్వలేం. అక్కడ గూగుల్ ఫారమ్‌లో ఫైల్ అప్‌లోడ్ ప్రశ్న పెట్టుకోవాలి, అందుకు పిల్లలు గూగుల్ ఖాతాతో లాగిన్ అయి ఉండాలి. పై మూడింటిలోనూ పంపేవాళ్లకి ఖాతా అక్కర్లేదు. నాకు ఇదే ముఖ్యం. మా తరగతిలో సగం మంది ఇంట్లో పెద్దవాళ్ల ఫోను తీసుకుని పంపుతారు, ఆ ఫోనులో ఉండే ఖాతా వాళ్లది కాదు.

ఖాతా అక్కర్లేదన్న ఆ సౌకర్యంలోనే చిక్కు కూడా ఉంది. ఖాతా లేదంటే లింకుకి మనిషి తెలియదన్నమాట. పంపే ముందు నేను వాడే లింకు ఒక గడి చూపించి పేరు రాయమంటుంది, రాసిన పేరుని ఫైలు పేరుకి తగిలిస్తుంది. ఆ గడిలో ఏం రాస్తే అదే పేరు. నేను మొదటిసారి లింకు పంపినప్పుడు ఆ గడిలో పడిన వాటిలో కొన్ని: ఇంటిపేరుతో పూర్తి పేరు, ముద్దుపేరు, ఒక చుక్క, ఒక నవ్వు బొమ్మ, ఇద్దరి విషయంలో అమ్మ పేరు. ఒకే పేరున్న అబ్బాయిలు ముగ్గురున్నారు, ముగ్గురూ ఇంటిపేరు రాయలేదు.

ఫైలు పేరు సరిగా పెట్టి పంపండి అని చెప్పి చూశాను. ఇది చాలామంది టీచర్లు చెప్పే మాటే, కానీ కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లు చెప్పే మాట. ఫోనులో తీసిన ఫొటోకి పేరు మార్చడం ఎలాగో చాలామంది పిల్లలకి తెలియదు, తెలిసినా నాలుగు మెనూలు తిరగాలి. అందుకని ఫైలు పేరు జోలికి పోవడం మానేశాను. ఇప్పుడు చెప్పేది ఒక్కటే: పేరు గడిలో పేరు రాయొద్దు, రోల్ నంబరు రాయండి, రెండంకెల్లో. ఏడో నంబరు 07 అని. ఇంటిపేరు, పేరు అని రెండు గడులు వచ్చే చోట మొదటిదాంట్లో నంబరు, రెండోదాంట్లో పేరు. నేను వాడే సర్వీసు ఆ గడిలో రాసింది ఫైలు పేరుకి ముందు అతికిస్తుంది కాబట్టి, లోపలి పేరు IMG_4127 అయినా ఇంకేదైనా, ఫోల్డర్‌లో మాత్రం 07తో మొదలవుతుంది. గూగుల్ ఫారమ్ మాత్రం పంపినవారి పేరుని ఫైలు పేరు చివర పెడుతుంది. అక్కడ ఈ చిట్కా పనిచేయదు, ఫారంలోనే రోల్ నంబరు అడిగి, జవాబులు చేరే షీటుని చూసుకోవాలి.

రెండంకెలు ఎందుకని ఒకడు అడిగాడు. అడగాల్సిన ప్రశ్నే. దానికి జవాబు ఆ 53 ఫైళ్ల కథలో ఉంది.

ఆ పొద్దున నేను చేసింది ఇది. ఫోల్డర్ నా కంప్యూటర్‌లోకి సింక్ అయి ఉంటుంది. దాన్ని తెరిచి పైన అడ్రసు పట్టీలో cmd అని కొడితే విండోస్‌లో నల్ల కిటికీ తెరుచుకుంటుంది. అందులో ఈ ఒక్క ముక్క:

```
dir /b > ..\list.txt
```

ఫైళ్ల పేర్లన్నీ వరసకి ఒకటి చొప్పున list.txt లోకి వెళ్తాయి. రెండు చుక్కలు ఎందుకంటే, జాబితాని అదే ఫోల్డర్‌లో పెడితే అదీ ఒక ఫైలుగా లెక్కలోకి వచ్చేస్తుంది. తర్వాత స్ప్రెడ్‌షీట్‌లో A నిలువు వరసలో 01 నుంచి 48 దాకా రోల్ నంబర్లు, D వరసలో ఆ పేర్ల జాబితా. B2లో ఈ ఫార్ములా పెట్టి కిందికి లాగితే చాలు:

```
=COUNTIF(D:D, A2&"*")
```

A2లో ఉన్న అంకెలతో మొదలయ్యే పేర్లు D వరసలో ఎన్ని ఉన్నాయో అది లెక్కపెడుతుంది. ఒక జాగ్రత్త ఉంది. A వరసని ముందే టెక్స్ట్‌గా మార్చుకోవాలి. లేకపోతే స్ప్రెడ్‌షీట్ 07ని 7 చేసేస్తుంది. అప్పుడు అది 7తో మొదలయ్యే పేర్ల కోసం వెతుకుతుంది, ఏమీ దొరకవు. ఒంటి అంకెలు వాడితే ఇంకో తంటా: 1తో మొదలయ్యేవి అంటే 1, 10, 11 నుంచి 19 దాకా అన్నీ వచ్చి ఒకటో నంబరు ఖాతాలో పడతాయి. మొదటి బెంచీ పిల్ల పదకొండు అసైన్‌మెంట్లు ఇచ్చినట్టు కనిపిస్తుంది. రెండంకెల పట్టుదల అందుకే.

ఫార్ములా నడిస్తే నాలుగు సున్నాలు వచ్చాయి. B వరస మొత్తం కూడితే 52. ఫోల్డర్‌లో ఉన్నవి 53. అంటే ఒక ఫైలు ఎవరి ఖాతాలోనూ పడలేదు. నాకు ఈ పద్ధతిలో అన్నిటికంటే నచ్చేది ఈ కూడికే. మొత్తం సరిపోకపోతే ఎక్కడో అనాథ ఫైలు ఉన్నట్టే. వెతికితే దొరికింది, ఏడో నంబరువాడు గడిలో 7 అని ఊరుకున్నాడు. పేరు ముందు సున్నా చేర్చాను. ఇప్పుడు మొత్తం 53, సున్నాలు మూడు.

మిగతా అంకెలు చూస్తే బొమ్మ మొత్తం కనబడింది. నలభై మందికి ఒక్కొక్కటి. నలుగురికి రెండేసి, అంటే ఎనిమిది. పదిహేడో నంబరుకి అయిదు, ఎందుకంటే అయిదు పేజీలని అయిదు ఫొటోలుగా పంపింది. నలభై, ఎనిమిది, అయిదు కలిపితే 53. మనుషులు నలభై అయిదుగురు. ముందు రాత్రి నన్ను నిద్రపుచ్చింది ఆ అదనపు ఎనిమిది ఫైళ్లే.

రెండేసి పంపిన నలుగురిలో ముగ్గురివి మామూలే. పంపాక తప్పు కనిపించింది, దిద్దుకుని మళ్లీ పంపారు. నేను ముందే చెప్పి ఉంచాను, గడువులోపల చివరగా వచ్చిందే దిద్దుతాను అని. ఇలాంటి లింకుల్లో అదే పేరుతో రెండో ఫైలు వస్తే పాతదాన్ని చెరిపేయరు, కొత్తదాని పేరు చివర అంకె తగిలించి పక్కన పెడతారు. నేనూ పాతవాటిని తీసేయను, పరీక్షలయ్యేదాకా అట్టే ఉంచుతాను. ఎందుకో నాలుగో జత చూస్తే తెలుస్తుంది. ఇరవై మూడో నంబరు పేరుతో రెండు ఫైళ్లు, రెండూ వేర్వేరు చేతిరాతలు. కనుక్కుంటే, స్నేహితుడికి జ్వరమని పక్కవాడు తనే లెక్కలు చేసి, స్నేహితుడి నంబరు వేసి పంపాడట. ఆ సంగతి తెలియని స్నేహితుడు జ్వరంలోనే తన లెక్కలు తను చేసుకుని పంపాడు. నాకు కోపం రాలేదు, నవ్వొచ్చింది. కానీ ఒక్క క్షణం ఆలోచిస్తే గుండె జల్లుమంటుంది. దయతో చేసినవాడు చేయగలిగినపుడు, కక్షతో చేసేవాడూ చేయగలడు. ఇంకొకరి నంబరు వేసి తెల్లకాగితం పంపితే, అదే చివరిది అయితే, నా నియమం ప్రకారం దిద్దేది దాన్నే. అందుకని చివరిదే దిద్దుతాను అన్న మాటకి ఒక తోక తగిలించాను: రెండు ఫైళ్లకీ పొంతన లేకపోతే పిలిచి అడుగుతాను. మార్కులు గట్టిగా లెక్కకొచ్చే పరీక్షకి మాత్రం ఈ లింకు వాడను, వాడకూడదు కూడా. ఎవరు పంపారన్నదానికి అక్కడ సాక్ష్యం గడిలో రాసిన రెండు అంకెలే.

ఇక ఆ మూడు సున్నాలు: పన్నెండు, ఇరవై ఆరు, ముప్పై ఒకటి.

పన్నెండో నంబరు అమ్మాయి పంపానని ఒట్టేసి చెప్పింది. అబద్ధం చెప్పే పిల్ల కాదు. ఫోను తీసుకురమ్మని నా ముందే మళ్లీ పంపించాను. ఫైలు ఎంచుకుంది, గీత సగం దాకా నిండింది, ఫోను బల్ల మీద బోర్లా పెట్టేసింది. స్క్రీన్ ఆరిపోయింది. తిరిగి తీసి చూస్తే గీత అక్కడే ఆగి ఉంది. ముందు రాత్రి జరిగిందీ అదే అయి ఉంటుంది. గీత కదలడం చూసి పంపేసినట్టే అనుకుంది. పూర్తయిందన్న మాట తెర మీద వచ్చేదాకా పేజీ వదలొద్దని నేనూ చెప్పలేదు.

ఇరవై ఆరో నంబరువాడి ఫైలు రెండో అసైన్‌మెంట్ ఫోల్డర్‌లో దొరికింది. నిరుటి లింకు కాదు, మూడు వారాల కిందటిది. నేను మూయడం మరిచాను, వాడు గ్రూపులో పైకి జరిపి మొదట కనిపించిన లింకు నొక్కాడు. తప్పు నాదే. ఇప్పుడు అసైన్‌మెంటుకో లింకు, గడువు దాటాక మూత. మూసిన లింకు నొక్కితే ఇక ఫైళ్లు తీసుకోవడం లేదని దానంతట అదే చెబుతుంది, పిల్లవాడు సరైన దానికోసం వెతుక్కుంటాడు. లింకు చేతులు మారి బయటివాళ్లకి చేరినా మూతపడ్డాక దానితో పనిలేదు.

ముప్పై ఒకటి సంగతి తర్వాత చెబుతాను.

వచ్చినవాటిలోనూ అన్నీ వచ్చినట్టు కాదు. ఫోల్డర్‌ని పరిమాణం ప్రకారం అమర్చి చిన్నవి పైకి తెచ్చుకుంటే నలభయ్యో నంబరు ఫైలు మొదట నిలబడింది, దాని పరిమాణం 0. పేరుంది, లోపల ఏమీ లేదు. ఫార్ములాకి అది తెలియదు, దానికి పేరుంటే చాలు. ఈ చూపు పది సెకన్ల పని, దిద్దడం మొదలుపెట్టిన మూడో రోజున కాకుండా మొదటి పూటే తెలిస్తే ఆ అబ్బాయి దగ్గర ఇంకా ఫొటోలు ఉంటాయి.

పిల్లల వైపు నుంచి చూస్తే ఈ లింకు ఒక రకంగా క్రూరమైనది. మెయిల్ అయితే పంపినవాటిలో కనిపిస్తుంది. గ్రూపులో అయితే టిక్కులు వస్తాయి. ఇక్కడ వేశాక ఇక చూసుకోవడానికి లేదు, సరైన పేజీ పంపానో లేదో తిరిగి చూద్దామన్నా కుదరదు. ఆ బెంగే రాత్రి పదకొండింటికి మేడం వచ్చిందా, మేడం ఒక్కసారి చూడరూ అనే మెసేజీలుగా మారుతుంది. కొత్తలో విసుక్కునేదాన్ని. తర్వాత అర్థమైంది, వాళ్లు అడిగేది రసీదు. లింకు ఇవ్వని రసీదు నేను ఇవ్వాలి. గడువుకి ముందు రోజు సాయంత్రం ఒకసారి, గడువయ్యాక ఒకసారి B వరస చూసి, అందిన రోల్ నంబర్లు గ్రూపులో పెడతాను. అందనివాళ్ల జాబితా పెట్టను. రెండింటి సారం ఒకటే అని మా తోటి టీచరు అంటాడు. నాకు ఒకటిగా అనిపించదు, తన నంబరు వెతుక్కుని లేకపోతే గ్రహించుకోవడం వేరు, పదిమందిలో పిలిపించుకోవడం వేరు. సున్నా వచ్చినవాళ్లకి విడిగా రాస్తాను.

గడువు అర్ధరాత్రి పెట్టడం కూడా మానేశాను. పదకొండు యాభైకి నలభై మంది ఒకేసారి ఎగబడితే, ఒకరికి నెట్ నెమ్మదిస్తే, పన్నెండుకి మూతపడే లింకుకి దయ ఉండదు. రాత్రి తొమ్మిది అని చెబుతాను, మూసేది పొద్దున ఏడింటికి. ఈ మధ్య సమయం సంగతి వాళ్లకి తెలుసు, నాకూ తెలుసు, ఎవరం పైకి అనుకోం.

జాగా గురించి ఒక మాట. వచ్చే ఫైళ్లన్నీ కూర్చునేది టీచరు ఖాతాలో. ఎనిమిది పేజీల అసైన్‌మెంటుని ఫొటోకి 4 ఎంబీ చొప్పున 48 మంది పంపితే 1,536 ఎంబీ, అంటే ఒకటిన్నర జీబీ. డ్రాప్‌బాక్స్ ఉచిత ఖాతాలో ఉండేదే 2 జీబీ. నిండాక వచ్చేవి ఆగిపోతాయి, ఆగినట్టు ముందు తెలిసేది పిల్లలకే. ఫోనులో ఉన్న స్కాన్ యాప్‌తో అన్ని పేజీలూ ఒక్క పీడీఎఫ్ చేస్తే మనిషికి 2 ఎంబీ వేసుకున్నా వందలోపే తేలుతుంది, పదిహేడో నంబరు అయిదు ఫొటోల గొడవా తీరుతుంది.

లింకు పంపేముందు నేను తప్పకుండా చేసేది ఇంకొకటుంది. ఫోల్డర్‌ని షేర్ చేసే లింకూ, అప్‌లోడ్ లింకూ చూడటానికి అక్కాచెల్లెళ్లలా ఉంటాయి, ఒకదాని బదులు ఇంకోటి కాపీ అయిందంటే మళ్లీ మొదటికొస్తుంది కథ. అందుకని బ్రౌజర్‌లో ఇన్‌కాగ్నిటో కిటికీ తెరిచి, అంటే నేనెవరో దానికి తెలియకుండా, ఆ లింకు అతికిస్తాను. ఫైళ్ల జాబితా కనిపిస్తే తప్పు లింకు. పేరు గడీ, ఫైలు ఎంచుకునే బటనూ మాత్రమే కనిపిస్తే సరైనది. 00 నంబరుతో ఒక ఖాళీ కాగితం ఫొటో పంపి, ఫోల్డర్‌లో పడిందో లేదో చూసి, తీసేస్తాను.

ఇంత తంటా ఎందుకు, మూడిల్ లాంటిదో గూగుల్ క్లాస్‌రూమో పెట్టుకోవచ్చుగా అంటారు. పెట్టుకోగలిగితే పెట్టుకోండి, వాదించను. అక్కడ ప్రతి పిల్లకీ ఖాతా ఉంటుంది, ఎవరు ఇవ్వలేదో అదే చూపిస్తుంది, దిద్దినదాన్ని అదే తిరిగి పంపిస్తుంది. లింకుకి తిరుగు దారి లేదు, దిద్దిన కాగితాలు నేను వేరే దారిన ఇచ్చుకోవాలి. కానీ ఆ వ్యవస్థలన్నీ ప్రతి పిల్లకీ తనదైన ఖాతా ఒకటి ఉంటుందన్న నమ్మకం మీద నిలబడ్డాయి. మా తరగతిలో అది పెట్టించబోతే మొదటి నెలంతా పాస్‌వర్డులు మరిచిపోయినవాళ్లతోనే గడిచింది. అసైన్‌మెంటు ఇవ్వని కారణం లెక్క రాకపోవడం కావాలి గానీ లాగిన్ రాకపోవడం కాకూడదు. ఆ ఒక్క కారణానికే నేను లింకు వైపు ఉన్నాను, వారానికి పదిహేను నిమిషాలు ఫార్ములాతో కుస్తీ పట్టాల్సి వచ్చినా సరే.

ముప్పై ఒకటో నంబరువాడికి విడిగా రాశాను, నీది అందలేదు, ఎక్కడైనా ఇరుక్కుందా అని. చాలాసేపు జవాబు లేదు. తర్వాత వచ్చింది: చేయలేదు మేడం, నాలుగోది రాలేదు, అది లేకుండా పంపాలనిపించలేదు. రాని లెక్కని వచ్చినంత వరకు చేసి పంపమని, మూసిన లింకుని ఒక గంట తెరిచాను. నలభై నిమిషాలకి ఫోల్డర్‌లో 31తో మొదలయ్యే ఫైలు ఒకటి పడింది. తెరిచాను. నాలుగో లెక్క మూడో వరసదాకా సరిగానే ఉంది, అక్కడ బ్రాకెట్ విప్పేటప్పుడు మైనస్ గుర్తు ఒకటి జారిపోయింది.